గుమ్మంలో ఆగిన కాలు

“చచ్చినవాడు మళ్ళీ ఎలా వస్తాడు?” అన్నాడు రత్నబాబు, రిమోట్ విసిరికొట్టినంత పని చేసి.

భార్య జాయిస్ కళ్ళు టీవీకే అతుక్కుపోయాయి. తెరమీద, గుమ్మంలో ఒక మగకాలు ఆగిపోయి ఉంది. అదే కాలిని మూడు రంగుల్లో, మూడుసార్లు, ఉరుముల చప్పుడుతో చూపించారు. తర్వాత అత్త మొహం, ఆడపడుచు మొహం, ఏ సంబంధమూ లేని వంటమనిషి మొహం. చివరికి కోడలి చేతిలో హారతి పళ్ళెం జారింది. అది నేలకి తగలకముందే ‘ఏటిగట్టు కోడలు’ ఆ పూటకి అయిపోయింది. శనివారం కాబట్టి సోమవారం దాకా పళ్ళెం గాల్లోనే ఉంటుంది.

“సూర్యవర్ధన్ వచ్చేసాడండీ,” అంది జాయిస్, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ కన్నీళ్ళు చూసి రత్నబాబుకి ఒళ్ళు మండిపోయింది. ఎనిమిది నెలల కిందట ఆ హీరోగారి కారు వంతెన మీంచి ఏట్లో పడిన రోజు జాయిస్ అన్నం ముట్టలేదు. రత్నబాబు మాత్రం, నిజం చెప్పొద్దూ, రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. పీడ విరగడైంది అనుకున్నాడు.

నలభై ఆరేళ్ళ లెక్కల మేష్టారు సీరియల్ హీరోని చూసి కుళ్ళుకుంటున్నాడంటే నలుగురూ నవ్వుతారని అతనికి తెలుసు. తెలిసినంత మాత్రాన కుళ్ళు ఎక్కడికి పోతుంది? జాయిస్‌ని చేసుకోవడానికి ఏడేళ్ళు ఆగిన మనిషి. చేసుకున్నాక కూడా ఆమె మాటే చెల్లింది. బడి నందిగామలో, కాపురం జగ్గయ్యపేటలో. రోజూ చిల్లకల్లు మీదుగా బస్సులో వేలాడటం. “నందిగామలోనే ఇల్లు తీసుకుందాం” అంటే, “ఈ ఇల్లయితే అందరికీ తెలుసండీ, ఎవరన్నా వస్తే వెతుక్కోరూ?” అని తోసిపారేస్తుంది. వీధి తలుపు కూడా పడుకోబోయేదాకా గడియ వెయ్యనివ్వదు.

సోమవారం బడి వదలగానే బెన్ని దగ్గరికి నడిచాడు. హైదరాబాదులో పన్నెండేళ్ళు సీరియళ్ళకి అసిస్టెంటు డైరెక్టరుగా చేసి, నడుం నొప్పితో తిరిగొచ్చి, నందిగామ బస్టాండు పక్కన ఫోటో స్టూడియో పెట్టుకున్న పాత క్లాస్‌మేటు.

“శవాన్ని చూపించారంట్రా?” సంగతి విన్నాక బెన్ని మొదటి ప్రశ్న అదే.

“లేదు. చెప్పు ఒకటి దొరికింది.”

“అయితే వాడు చావలేదు. ఆ యాక్టరు ఇంకో షో కోసం డేట్లు ఇవ్వనని ఉంటాడు. చితి మీద కాల్చేస్తే రేపు వాడే కావాల్సొస్తే ఎట్టా? అందుకే ఏట్లోకి తోస్తారు. కోడలి బొట్టు తీయించారా?”

“లేదు. ‘నా భర్త బతికే ఉన్నాడు’ అంటుంటది.”

“చూసావా! ఆ మాట వారానికోసారి అనిపిస్తారు, జనం మర్చిపోకుండా.”

“మరి ఇన్నాళ్ళు ఊరుకుని ఇప్పుడెందుకు తెచ్చారు?”

“గురువారం గురువారం రేటింగులు వస్తాయిరా. రెండు కుటుంబాల పగ మీద రెండేళ్ళు లాగారు. ఎవడన్నా నిజం చెప్పబోతే ఫోను మోగుద్ది, లేదా వాణ్ణి లారీ గుద్దుద్ది. నిజం తెలిస్తే పగ చల్లారుద్ది, పగ చల్లారితే సీరియలే ఉండదుగా. ఆ లాగుడికి జనానికి విసుగొచ్చి రేటింగు పడుంటది. అప్పుడే చచ్చినోణ్ణి లేపేది.”

“అంటే, వచ్చింది వాడేనా?”

“వాడన్నా కావాలి, కవల తమ్ముడన్నా కావాలి. కవలైతే మాకు సుఖం. జనం మెచ్చిన మొహమే, కొత్తది అలవాటు చెయ్యక్కర్లేదు. మీసం తీసేస్తే రెండోవాడు. పురిట్లో పిల్లల్ని విడదీసిన నర్సమ్మ ఒకామె వస్తది, ఆమె కథ ఒక నెల. మొగుడో మరిదో తేలక కోడలు ఏడుస్తుంటే ఇంకో ఆర్నెల్లు.”

“తమ్ముడే అయితే అసలువాడు పోయినట్టేగా?”

ఆ గొంతులోని ఆత్రానికి బెన్ని తలెత్తి చూసాడు. “అంతే అనుకో. అయినా వాళ్ళే ఇంకా తేల్చుకుని ఉండరు. కాలొక్కటే చూపించింది అందుకే. గురువారం రేటింగు చూసుకుని తేలుస్తారు. యూనిట్లో మనోడున్నాడు, కనుక్కుంటాలే.”

సోమవారం పళ్ళెం నేలమీద పడింది. మంగళవారం అత్తగారు పాత సంగతులన్నీ గుర్తుచేసుకుంది. బుధవారం చర్చి కూటంలో అందరూ వానల కోసం ప్రార్థన చేస్తుంటే, రత్నబాబు కళ్ళు గట్టిగా మూసుకుని, “ప్రభువా, తమ్ముణ్ణే చెయ్యి” అనుకున్నాడు. అనుకున్నాక సిగ్గేసింది. సిగ్గేసినా ఆ ప్రార్థన మాత్రం వెనక్కి తీసుకోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఫోను వచ్చింది.

“తమ్ముడేరా! పేరు చంద్రవర్ధన్. నర్సమ్మకి డేట్లు కూడా తీసుకున్నారు.”

రత్నబాబు బస్టాండులో వేడి జిలేబీ కట్టించుకుని, దారంతా తనలో తనే నవ్వుకుంటూ ఇల్లు చేరాడు. జాయిస్ అప్పటికే టీవీ ముందు కూర్చుని ఉంది.

“వాడు సూర్యవర్ధన్ కాదు జాయిస్, కవల తమ్ముడు. బెన్ని కనుక్కుని చెప్పాడు. అసలువాడు పోయాడు. ఇంక రాడు. ఇప్పటికైనా నమ్ము.”

జాయిస్ పొట్లం విప్పలేదు. పక్కన పెట్టింది.

“శవం చూపించలేదుగా అండీ,” అంది, వీధి తలుపు వైపు చూస్తూ.

రత్నబాబు చూపు కూడా గడియ వెయ్యని ఆ తలుపు మీదికే పోయింది.

మున్నేటి వరదలో పోయిన జాయిస్ మొదటి భర్త శవమూ దొరకలేదు.