సామాన్ల గది తలుపు

వంతెన కొట్టుకుపోయిన వరదకు మరుసటి ఏడు.

హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో బండి డ్రైవరు, మూడో పిల్ల పుట్టిందని మిఠాయి పంచాడు.

బాయిలర్ చూసే స్నేహితుడికి ఇద్దామని వెతికితే, వాడు భార్యతో సామాన్ల గదిలో ఉన్నాడు.

ఆమెదీ అక్కడే పని, దుప్పట్లు మడతపెట్టడం. పిల్లల కోసం వైద్యం చేయించుకుంటున్నారు; అండాలు పెరగడానికి రోజూ సాయంత్రం ఒకే వేళకు ఆమె పొట్ట మీద సూది వెయ్యాలి. మందు క్యాంటీన్ ఫ్రిజ్జులో దాచేవారు. ఆ సంగతి స్నేహితుడు నమ్మి చెప్పింది డ్రైవరు ఒక్కడికే.

తలుపుకు అడ్డంగా కొత్తామె నిలబడి ఉంది. పనిలో చేరి నెల కాలేదు. నవ్వదు, పలకదు.

“జరుగమ్మా.”

“లోపల పనుంది. తర్వాత రండి.”

“పోనీ నువ్వైనా తీసుకో. మొహం కాస్త తియ్యనవుతుంది.”

ఆమె తీసుకోలేదు.

డ్రైవరుకు ఒళ్ళు మండింది. వెనక్కి తిరిగి నలుగురూ వినేలా అన్నాడు.

“మా ఆవిడ నావైపు చూస్తే చాలు, నెల తప్పుతుంది! వీళ్ళకి డాక్టర్లు, సూదులు, ఐసుపెట్టె! పిల్లల్ని కంటున్నారా, యుద్ధానికి వెళ్తున్నారా?”

అందరూ గొల్లున నవ్వారు. గదిలో ఉన్న ఇద్దరూ విన్నారు.

ఆ నెల అండాలు తీశారు. ల్యాబులో వీర్యంతో కలిపితే రెండు పిండాలు నిలిచాయి. ఒకటి గర్భసంచిలో పెట్టారు, ఒకటి గడ్డకట్టించి దాచారు. రెండు వారాలకు రక్తపరీక్ష. గర్భం నిలవలేదు.

ఈ కబురు డ్రైవరుకు ఎవరో చెబితే తెలిసింది. స్నేహితుడు మాట మానేశాడు.

“జోకురా! మనసులో పెట్టుకుంటావేంట్రా?”

“నాకు నవ్వు రాలేదు. ఏమనుకోకు.”

ఇంకోసారి వాళ్ళింటికి నాటుమందు పొడి పొట్లం పట్టుకెళ్ళాడు. “మా పిన్ని కోడలు ఇదే తాగింది. కవలలు!”

స్నేహితుడు పొట్లం తిరిగి చేతిలో పెట్టి తలుపు వేశాడు.

“పోనీ ఎవర్నైనా పెంచుకోండ్రా” అన్నాడు తలుపుతో.

ఆ తర్వాత వెళ్తే తలుపే తియ్యలేదు.

విసుగెత్తింది డ్రైవరుకు. వాడి మీదో, తన మీదో తెలియని విసుగు. ఇంటికొచ్చి భార్య మీద అరిచాడు.

“ఇంకెన్నిసార్లు తిరగాలే వాడి చుట్టూ?”

ఆమె పిల్లకు పాలు పడుతూ అంది. “వెళ్ళినప్పుడల్లా వాళ్ళని బాగుచెయ్యాలని వెళ్తున్నారు. చెడింది మీ నోరు కదా?”

మర్నాడు డ్యూటీ దిగాక బాయిలర్ దగ్గరికి ఉత్తచేతులతో వెళ్ళాడు.

“నమ్మి చెప్పావు. నలుగురిలో పారేశాను. జోకు కాదురా అది, తప్పు. ఇన్నాళ్ళూ తప్పు ఒప్పుకోకుండా సలహాలు మోసుకొచ్చాను. క్షమిస్తావో లేదో నీ ఇష్టం. ఇప్పుడు నేనేం చేస్తే మీకు కాస్త బరువు తగ్గుతుందో చెప్పు.”

స్నేహితుడు ఆవిరి మీటరు ముల్లు చూసి, మంట కాస్త తగ్గించాడు.

“ముందు, నవ్విన వాళ్ళ దగ్గర నీ మాట వెనక్కి తీసుకో. మళ్ళీ మా సంగతి ఎత్తకుండా.”

“తీసుకుంటా.”

“మందులు చెప్పకు. ‘ఏమైంది’ అని అడగకు. చెప్పాలనిపిస్తే నేనే చెప్తా. మీ పాప పుట్టినరోజుకి పిలువు. రాకపోతే అలగకు.”

“ఇంకా?”

“దాచిన పిండం ఈ నెల పెడతారు. అంతకుముందు గర్భసంచి పొర మందం చూడ్డానికి స్కాన్లు. రేపు పొద్దున్నే మొదలు. పోయినసారి ఆ పొద్దులన్నీ మా ఆవిడ పని కొత్తామే చేసేది.”

“ఎవరూ, ఆ మూతిముడుపు మనిషా?”

“ఆవిడే. మేం అడగలేదు. తనే వచ్చింది. సూది వేసేటప్పుడు ఎవరూ రాకుండా కాపలా కూడా తనే. మొన్న పని మానేసింది.”

డ్రైవరు తల దించుకున్నాడు.

“ఆ పొద్దులు ఇక నేను చేస్తా.”

“నువ్వా? జేబురుమాలు మడవడం రాదు నీకు.”

“నేర్చుకుంటా.”

స్నేహితుడు నవ్వలేదు. “ఆరింటికి రా” అన్నాడు.

మర్నాడు తెల్లారకముందే వచ్చి, నవ్విన ప్రతి బల్ల దగ్గరా ఆగి, ఆ రోజు తాను వాగింది తప్పని చెప్పాడు. తర్వాత మడత పని చూసే మేస్త్రీ పక్కన నిలబడి దుప్పటి అందుకున్నాడు. అంచులు కుదిరి చావలేదు. విప్పాడు, మళ్ళీ మడిచాడు.

“మేస్త్రీ అక్కా, కొత్తామె ఎటు వెళ్ళింది? ఆమెకీ ఒక మాట చెప్పుకోవాలి.”

“ఎక్కడికో చెప్పిపోలేదు తమ్ముడూ” అంది మేస్త్రీ, అవతలి అంచు పట్టుకుంటూ. “ఆరేళ్ళు అవే సూదులు పొడిపించుకుని, నిలవక, మొగుడు వెళ్ళగొడితే ఇక్కడికొచ్చింది. నీ జోకుకి ఆ సాయంత్రం గదిలో వాళ్ళకంటే ముందు ఏడ్చింది తనే.”