మరింత చదవండి

"ముందు కృతజ్ఞతలు పెట్టు. తిట్లు తరవాత చూద్దాం," అంది వదిన.

"తిట్లెందుకులే వదినా," అన్నాడు మరిది, ఆమె ఫోను చేతిలో పట్టుకుని.

"ఎందుకేమిటి? విరిగింది నీ చెయ్యా, నా చెయ్యా?"

ఆమె కుడి మణికట్టుకు సిమెంటు కట్టు. ఎడమ చేతికి సెలైన్ సూది. కళ్లద్దాలు రోడ్డు మీదే నుజ్జయ్యాయి. పదహారేళ్లుగా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతున్న మనిషి. ఒత్తు ఒకటి ఎగిరిపోయినా ఊరుకోదు. అలాంటి ఆమెకు ఇప్పుడు ముక్కు ముందు పెట్టినా అక్షరాలు అలుక్కుపోతున్నాయి. అందుకని చెప్పేది ఆమె, టైపు చేసేది మరిది. మూడు రోజులుగా కొరియర్ ఆఫీసులో సెలవు పెట్టి, మంచం పక్కనుంచి కదలకుండా కూర్చున్నాడు పాపం. వేళకి మాత్రలు కూడా వాడే వేస్తున్నాడు.

మూడు రోజుల కిందట పొద్దున్నే స్కూటర్ మీద పనికి వెళ్తుంటే ఎవడో వెనకనుంచి గుద్ది, ఆగకుండా పోయాడు. హారన్ మోత ఒకటి, తెల్లటి వ్యాను పక్కభాగం కొంచెం, ఆ తరవాత ఎవరో ఆడమనిషి గొంతు. ఆమెకు గుర్తున్నది అంతే. ఆ మలుపులో కెమెరా లేదని పోలీసులు చేతులెత్తేశారు. అప్పటినుంచి ఆమెకు నొప్పి కంటే కడుపుమంటే ఎక్కువగా ఉంది.

"ఏ ఫోటో పెట్టమంటావ్?"

"కుట్లు వద్దు, చూసినవాళ్లు దడుచుకుంటారు. సూది ఉన్న చెయ్యి చాలు. చేతికున్న పట్టీ మీద ఆస్పత్రి నంబరు కనపడకుండా చూడు. ఇక రాసుకో. 'నేను బాగున్నాను. దయచేసి ఫోన్లు చేయకండి, మాట్లాడితే ఆయాసం వస్తోంది.' మొదటి రెండు లైన్లే బయటికి కనిపిస్తాయి. మిగతాది 'మరింత చదవండి' నొక్కితేనే కదా. ముఖ్యమైన సంగతి పైనే ఉండాలి."

"రాశాను."

"ఇప్పుడు నన్ను కాపాడినవాళ్లు. నా తల ఒళ్లో పెట్టుకుని 'కళ్లు మూయకు తల్లీ' అన్న ఆవిడకు. పేరు తెలియదు, ముఖమూ చూడలేదు. అంబులెన్సులో నా మెడ కదలకుండా పట్టుకున్న అతనికి. ఎముకల డాక్టరుకు, కుట్లు వేస్తూ కబుర్లు చెప్పిన చిన్న డాక్టరమ్మకు, రాత్రంతా బీపీ చూసిన నర్సులకు."

మరిది గబగబా కొడుతున్నాడు. మధ్యలో ఆగాడు. "భయం గురించి కూడా రాద్దామా?"

"రాయి. 'బయట హారన్ వినపడితే ఇప్పటికీ ఉలిక్కిపడుతున్నాను. మళ్లీ బండి ఎప్పుడెక్కుతానో తెలియదు. తొందరేమీ లేదు. మీలో ఎవరికైనా ఇలాంటి భయముంటే సిగ్గుపడకండి.' బాగుందా?"

"బాగుంది." వాడు ఫోను మీంచి తల ఎత్తలేదు. "గుద్దినవాడు కూడా భయపడే పారిపోయి ఉంటాడని ఒక్క ముక్క కలపనా?"

"కలిపావంటే ఈ కట్టుతోనే నెత్తి మీద ఒకటిస్తాను! వాడు నన్ను కుక్కపిల్లలా రోడ్డు మీద వదిలేసి పోయాడు. వాణ్ని కోర్టు బోనులో నిలబెట్టి, కళ్లారా చూసి, అప్పుడు నేను హాయిగా నిద్రపోతాను."

"మరి ఇంత మెత్తగా రాయడమెందుకు?"

ఆమె నవ్వింది. "మెత్తగా ఉంటేనే వాడు వచ్చి చదువుతాడు. నన్ను గుద్దింది ఏ బండో ఒక్క అక్షరం రాయొద్దు. కామెంట్లు అందరికీ తెరిచి ఉంచు. ఎవడు నోరు జారి 'వ్యాను' అంటాడో చూద్దాం. వాడు నా కంట్లో పడ్డాడా, చచ్చాడే."

మరిది ఏదో అనబోయేలోపు నర్సు ఇంజెక్షనుతో వచ్చింది.

"వేసెయ్ పోస్టు," అంది వదిన మొహం చిట్లించి. ప్రూఫు చూడకుండా అచ్చుకు పంపడం జీవితంలో ఆమెకిదే మొదటిసారి.

సాయంత్రానికి రెండు వందల కామెంట్లు. మరిది ఒక్కొక్కటీ చదివి వినిపించాడు. త్వరగా కోలుకోండి, గట్టి పిండం మీరు, దేవుడున్నాడు. వ్యాను ఊసెత్తినవాడు లేడు. ఆమెకు విసుగొచ్చింది.

అప్పుడే భర్త కొత్త కళ్లద్దాలతో దిగాడు. "నీ ఆయుధం తెచ్చాను, ఇంద," అంటూ ఆమె ముక్కు మీద పెట్టాడు. మరిది ఫోను ఆమెకిచ్చి, టీ తెస్తానని లేచాడు. ఆమె ఎడమ బొటనవేలితో మెల్లగా కామెంట్లు కిందికి తోసుకుంటూ చదవసాగింది.

"దొరికాడు!" అని ఒక్క కేక పెట్టింది. పక్క మంచం పేషెంటు లేచి కూర్చుంది.

"ఎవడే?" అన్నాడు భర్త.

"వ్యాను అని రాశారు, ఇప్పుడే! ఎవరో కొత్త మనిషి. పోలీసులకు ఫోను చెయ్యండి. ఉండండి, ముందు చదవనివ్వండి."

గుమ్మం దగ్గర మరిది ఆగిపోయాడు. ఆమె పైకే చదివింది.

"'అమ్మా, మిమ్మల్ని ఒళ్లో పడుకోబెట్టుకున్నది నేనే. మీరు లేచి కూర్చున్నందుకు సంతోషం. కానీ ఒక్కటి అర్థం కాలేదు. వ్యాను గుద్దగానే నేను గొడుగు గట్టు మీద పడేసి పరుగెత్తుకొచ్చాను. అప్పటికే మీకు స్పృహ లేదు, ఒళ్లో పెట్టుకున్నాకే కాస్త కళ్లు తెరిచారు. రోడ్డు మీద ఇంకో నరపురుగు కూడా లేదు. కొంచెం దూరం పోయి ఆగిన ఆ వ్యానువాడొక్కడే అద్దంలోంచి చూస్తున్నాడు. నాది ఆకుపచ్చ గొడుగని మీకెలా తెలిసింది?'"

ఆమె గబగబా పైకి తోసి, 'మరింత చదవండి' నొక్కింది. మూడో లైనులో ఉంది: 'ఆకుపచ్చ గొడుగు పడేసి వచ్చి, నా తల ఒళ్లో పెట్టుకున్న అక్కకు.'

గొడుగు మాట ఆమె చెప్పనేలేదు.