జేజినాయన ల్యాప్‌టాప్

పొద్దున సెలవులకు కమలాపురంలో నాయనమ్మ ఇంటికి వచ్చిన మధులతకు రాత్రయినా నెట్ నత్తనడకే. రూటర్ పేజీ తెరిచి చూస్తే, తన ఫోను, జేజి ఫోను కాక మూడోదేదో ల్యాప్‌టాప్ తగులుకుని ఉంది. అప్‌లోడంతా అదే మింగేస్తోంది.

"జేజీ, జేజినాయన ల్యాప్‌టాప్ యాడుండాది?"

"బీరువా మింద. ఆయన పోయి రెండేండ్లయినా ప్లగ్గు తీయబుద్ధి కాలేదు పాపా."

మూత మూసినా నిద్రపోకుండా ఆయనే పెట్టుకున్న సెట్టింగు. సన్నగా ఫ్యాను గురక. ప్రతి సెలవుకూ గడపలో ఆయన తీసిన వీడియోలు ఆన్‌లైన్‌లోకి ఎక్కుతున్నాయి. పెద్దవి సగంలో తెగి, మళ్లీ మొదటి నుంచి. అన్నిటికీ ఒకటే పేరు: 'మధు వచ్చింది'.

నవ్వుకుంటూ 'ఆపు' నొక్కబోయింది.

వరసలో చివరి వీడియో తీసిన తేదీ ఇవాళ్టిది.