వరసలో చెప్పులు

పోలింగు బూతు ముందు వరసలో చెప్పులు విడిచి కొడుక్కి జాగా పట్టిన జోగయ్య, ఒట్టి కాళ్లతో ఇంటికొచ్చాడు.

"చిరంజీవీ, జల్దీ రారా. వరస కదులుతుంది."

"నేను రాను నాయినా."

"ఇరవై మూడేండ్లప్పుడు గిట్లనే అన్నవ్. పెళ్లైతే మారతవనుకున్న. పెళ్లైంది, ఇద్దరు పిల్లలైన్రు. ఇంకెప్పుడు మారతవ్?"

"నువ్వు మొదటి ఓటేసేనాటికి నీకు పెళ్లైందా?"

"లే. ఇరవై రెండేండ్ల పోరగాన్ని. మా ఈడోళ్లందరం వాగు దాటి పోయి ఏసినం. ఆ ఎండకాలమే ఊరికి బోరింగు పడ్డది."

"మరి నువ్వు పెళ్లై, వయసొచ్చి మారింది లేదు గదా. బోరింగు చూసినోళ్లు మీరు, గందుకే ఇప్పటికీ పోతున్రు. మేం మొదటి ఓటేసినంక ఫారెస్టోళ్లు మన పోడు చేన్ల కందకం తవ్విన్రు. ఓట్లప్పుడు పట్టా ఇప్పిస్తనన్నోడు జీపుల కూసోని చూసిండు. ఆనాడు గట్టు మీద నిలబడ్డ మా ఈడోళ్లల్ల ఒక్కడన్న ఓటుకొస్తుండా? ధర్నా అంటే అందరం పోతం. ముప్పై దాటినం నాయినా, గట్లనే ముసలోళ్లమైతం."

జోగయ్య ఒక్కడే తిరిగొచ్చాడు.

వరసలో ముసలివాళ్ల నడుమ ఇంకా నాలుగైదు జతల చెప్పులున్నాయి. వరస కదిలినప్పుడల్లా వాటిని కాలితో ముందుకు జరుపుతున్నారు.

"రాలేదా? మావోడూ గంతే," అన్నాడు వెనకున్న ముత్తయ్య. "పెళ్లైతే వాడే వస్తడు."

జోగయ్య కొడుకు జాగాలో ఉన్న తన చెప్పులు తొడుక్కున్నాడు.

వరస ఒక మనిషంత తగ్గింది.