మీ ఇద్దరికీ

“ఆయన పేరు ముందుంటే నేను చదవనే చదవను,” అన్నాడు దర్జీ, కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే.

“ఇద్దరి పేర్లూ తీసేశాను అన్నయ్యా. ‘మీ ఇద్దరికీ’ అని మొదలుపెట్టాను,” అంది టైపిస్టమ్మ.

ఉద్యోగం వదిలి ఆరేళ్లయినా భక్తసమాజంలో అందరికీ ఆమె టైపిస్టమ్మే. దర్జీ ఆ సమాజానికి అధ్యక్షుడు, పాట ఎత్తుకునేదీ ఆయనే. కార్యదర్శి కరెంటు పనులు చేసుకునే మనిషి. ప్రార్థన పొద్దున పెట్టాలా, సాయంత్రమా అన్న దగ్గర ఇద్దరికీ మాట పట్టింపు వచ్చింది. అంతవరకైతే సర్దుకునేదే. “గొంతు పోయినా మైకు వదలడు” అని కార్యదర్శి అన్నాడన్న కబురు దర్జీ చెవిన పడ్డాక అది పగైపోయింది. నలభై కుటుంబాలు రెండుగా చీలాయి. ఆదివారం దర్జీ వైపువాళ్లు వేరే హాలు తాళాలు తీసుకోబోతున్నారు. ఇవాళ గురువారం. ఇద్దరికీ నచ్చేలా ఒక సందేశం రాయమని అందరూ ఆమెనే బతిమాలారు.

“ఆయన తప్పేంటో వద్దు. మీకేం కావాలో చెప్పండి.”

“సాయంత్రమైతే పనులకెళ్లేవాళ్లు రాగలరు. నాకు కావాల్సింది అంతే. కానీ నలుగురి నోటా ఆ మాట విన్నాక అతని మొహం ఎలా చూడమంటావమ్మా?”

ఆమె మొదటి ముక్క రాసుకుంది. రెండోది వదిలేసింది.

కార్యదర్శి ఒక కొట్టులో నిచ్చెనెక్కి ఉన్నాడు. కిందికి దిగకుండానే మొదలుపెట్టాడు.

“నేనన్నదేంటో ఒక్కరైనా అడిగారా అక్కా? ‘పాపం, గొంతు అలిసిపోయింది, నాలుగు రోజులు ఆపితే బావుణ్ణు’ అన్నాను. ప్రార్థన హాలు మెట్ల మీద, అందరూ దిగుతుంటే. అది ఏ నోట్లో పడి ఏమైందో!”

ఆమె కలం ఆగింది.

“అదిప్పుడు తవ్వొద్దు తమ్ముడూ. పొద్దున్నే ఎందుకంటావు?”

“ముసలివాళ్లు చీకటిపడ్డాక ఆ మెట్లు దిగలేరు.”

సాయంత్రం ఆమె ఒకచోట కూర్చోలేకపోయింది. రెండు వాక్యాలు రాయడం, లేచి కిటికీ దాకా నడవడం. ‘మీవాళ్లు’, ‘వాళ్లవాళ్లు’ అన్నవి కొట్టేసింది. ‘కానీ’ వచ్చిన ప్రతిచోటా వాక్యాన్ని రెండు చేసింది. చివరికి కూతురు చదివింది.

“మీ ఇద్దరికీ ఒకే సమయంలో ఇదే సందేశం పంపుతున్నాను. పనులకెళ్లేవాళ్లు రావాలని ఒకరి కోరిక. ముసలివాళ్లు పడిపోకూడదని మరొకరి కోరిక. రెండూ సమాజం కోసమే. శనివారం నాలుగింటికి మా ఇంటికి ఇద్దరే రండి. నెల్లాళ్లపాటు ఏం చేసి చూద్దామన్నదే మాట్లాడుకుందాం. అప్పటిదాకా గ్రూపులో ఎవరూ ఏమీ రాయొద్దు. ఎవరు ఏమన్నారో తవ్వుకోవద్దు.”

“ఈ చివరి వాక్యం ఎందుకమ్మా? అసలు గొడవే అది కదా!”

“తవ్వితే రాజీ కుదరదు.”

పంపేముందు ఇద్దరికీ ఫోన్‌లో చదివి వినిపించింది. దర్జీ ‘కోరిక’ తీసేసి ‘బాధ్యత’ పెట్టమన్నాడు. కార్యదర్శీ సరేనన్నాడు. ఇద్దరూ ఒప్పుకున్న మొదటి మాట అదే. పంపాక ఆమె ఫోను ముందు నుంచి కదల్లేదు. దర్జీ వెంటనే చూశాడు. కార్యదర్శి గంట దాకా చూడలేదు. ఆ గంటలో ఆమె మూడు గ్లాసుల నీళ్లు తాగింది.

శనివారం ఇద్దరూ వచ్చారు. చెరో కుర్చీలో, చెరో గోడ చూస్తూ కూర్చున్నారు. ముందు కార్యదర్శే నోరు విప్పాడు.

“అన్నయ్యా, మీ గొంతు అలిసిందన్నాను. విశ్రాంతి కావాలన్నాను. తప్పైతే కొట్టండి.”

“అలిసిందన్నావా? నాకు చేరింది అది కాదే!”

అన్నదీ, చేరిందీ ఒక్కొక్క మాటా పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. దర్జీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ తర్వాత అంతా పావుగంటలో తేలిపోయింది. వారంలో ఐదు రోజులు పొద్దున, రెండు రోజులు సాయంత్రం. సాయంత్రాలు ముసలివాళ్లను చేయి పట్టి దింపే పని కార్యదర్శిది. కొత్త హాలు వద్దని అక్కడికక్కడే దర్జీ ఫోన్ చేసి చెప్పేశాడు.

గుమ్మం దగ్గర ఆగి అన్నాడు: “మధ్యలో ఎవరో మాట మార్చారు. ఇంకోసారి ఎవరి మధ్యా చిచ్చు పెట్టకముందే అదెవరో తెలియాలి. ఆ పనీ నువ్వే చూడమ్మా. నీ మాటంటే మా ఇద్దరికీ గురి.”

ఇద్దరూ ఒకే గొడుగు కింద వెళ్లిపోయారు.

“అయిపోయిందిగా అమ్మా, ఇంకా ఎందుకలా తిరుగుతావు?” అంది కూతురు.

ఆమె ఫోను తీసి, ఇద్దరికీ కలిపి ఒక సందేశం రాసింది. చెరిపింది. మళ్లీ రాసింది. మళ్లీ చెరుపుతానన్న భయంతో చటుక్కున పంపేసింది.

“ఆ మాట మార్చింది నేనే.”