ఆదివారం ఉతికిన బొంత

హేమశ్రీ గడపలో అడుగు పెట్టగానే మోనిక పరుగున వెళ్ళి అవ్వ చీర కుచ్చిళ్ళలో ముఖం దాచుకుంది.

"సూడు, మీ యమ్మొచ్చింది. పో," అంటూ నిర్మలమ్మ మనవరాలిని ముందుకు తోసింది.

పాప కదల్లేదు. ఏడాదిన్నర పిల్ల. ప్రతి శనివారం ఇంతే. తల్లిని కాసేపు కొత్త మనిషిని చూసినట్టు చూస్తుంది. మెల్లగా దగ్గరికొస్తుంది. ఆదివారం సాయంత్రానికి కొంగు వదలదు. సరిగ్గా అప్పుడే బస్సు వేళవుతుంది.

నగరిలో భర్త గోపీ పనిచేసే మరమగ్గాల షెడ్డు వారంలో సగం రోజులు మూతే. అందుకే హేమశ్రీ కాన్పుకు ముందు చేసిన ఉద్యోగానికే మళ్ళీ వెళ్ళింది. తడ దగ్గర ఫోను విడిభాగాల కంపెనీ. వారమంతా హాస్టలు. పాపేమో అత్త నిర్మలమ్మ దగ్గర.

పాలు మాన్పించడానికి వేపాకు నూరి పూసుకుంది. పాప నోరు పెట్టి, తీసేసి, ఏడవకుండా తల్లి ముఖంలోకి చూసింది. ఆ చూపు ఇప్పటికీ వెంటాడుతోంది.

వెళ్ళిన రోజు హాస్టల్లో బ్యాగు విప్పితే దువ్వెన లేదు, రాత్రిళ్ళు పాపకు పాలిచ్చేటప్పుడు వేసుకునే పసుపు పూల నైటీ లేదు. పొద్దున విప్పి ఎక్కడ పడేసిందో గుర్తులేదు. రెండూ అక్కడే కొనుక్కుంది. ఆ వారం పనిలో నిలబడి ఉండగానే పాలు చేపుకొచ్చి యూనిఫాం తడిసింది. బాత్రూములోకి వెళ్ళి పిండి పారబోసి, ముఖం కడుక్కుని వచ్చి మళ్ళీ నిలబడింది.

భోజనం వేళ లాకర్లోంచి ఫోను తీసి వీడియో కాల్ చేసేది. పాప తెరను తడిమేది. ఫోను వెనక్కి తిప్పి అక్కడ అమ్మ ఉందేమోనని వెతికేది. లేదని తెలిశాక ఏడ్చేది.

"పగటి పూట సెయ్యబాకు హేమా. నిన్ను సూసినాక బిడ్డ పొద్దుపోయేదాకా తేరుకోదు," అంది అత్త.

మానేసింది. ఆ తర్వాతి శనివారం వచ్చేసరికి పాప చేతిలో ఆ బొంత ఉంది.

అత్త పాత చిలకపచ్చ చీరను మడతలు వేసి కుట్టిన చిన్న బొంత. దాన్ని ముక్కుకు ఆనించుకుంటేగానీ పాప నిద్రపోదు. మూల చీకుతుంది. రెండు నెలలకే జిడ్డు పట్టి అట్ట కట్టింది.

"ఇట్లియ్యత్తా, ఉతికేస్తా."

"వద్దు. దాని జోలికి పోబాకు."

"జబ్బులొస్తాయి కదత్తా."

"రావులే. నేను సూసుకుంటా గదా."

"ఇంక తగువుకు ఏమీ దొరకలేదా మీ ఇద్దరికీ?" అని గోపీ నవ్వాడు. ఇద్దరూ నవ్వలేదు.

ఆ రాత్రి హేమశ్రీ పాపను తన పక్కలో పడుకోబెట్టుకుంది. చేయి దిండుగా పెట్టింది. పాప కాసేపు మసలింది. తర్వాత లేచి, తల్లి చేతి మీదుగా పాకుతూ వెళ్ళి, బొంతలో ముఖం పెట్టి నిద్రపోయింది.

హేమశ్రీ ఆ చేతిని అలాగే చాపి ఉంచింది.

ఆదివారం పొద్దున నిర్మలమ్మ పుత్తూరులో సీమంతానికి వెళ్ళింది. హేమశ్రీ బొంతను బకెట్లో వేసి గుప్పెళ్ళతో సబ్బుపొడి పోసింది. వారానికి ఒక్కరోజు తల్లి. ఆ ఒక్కరోజైనా బిడ్డకు శుభ్రమైన పక్క వెయ్యాలి కదా అనుకుంది. అందులోంచి అత్త వాసన పోవాలన్న మాట మాత్రం తనకు తాను కూడా చెప్పుకోలేదు. బ్రష్షుతో రుద్దింది. నల్లటి నీళ్ళు వదిలాయి. చివర్లో సెంటు లిక్విడ్ కూడా వేసి జాడించి పిండి, మిద్దె మీద దండేనికి వేసింది. నగరి ఎండకు మధ్యాహ్నానికల్లా పెళపెళలాడింది.

పగటి నిద్రవేళ పాప బొంత అందుకుంది. ముక్కుకు ఆనించింది. తీసింది. ఇంకో మూల ఆనించి చూసింది. నాలుగు మూలలూ అయ్యాక దూరంగా విసిరేసి, మంచం కింద, తలుపు వెనక, బియ్యం డబ్బా పక్కన వెతికింది. అప్పుడు మొదలుపెట్టింది ఏడుపు. ఎత్తుకుంటే విల్లులా వంగిపోయింది.

వీధి చివరి నుంచే ఆ ఏడుపు విని గబగబా వచ్చింది నిర్మలమ్మ. తాంబూలం సంచి చేతిలోనే ఉంది. నేల మీది బొంతను తీసి వాసన చూసింది.

"ఎంత పని సేసినావే హేమా!"

ఇన్నాళ్ళూ బిగబట్టిందంతా హేమశ్రీ నోట్లోంచి వచ్చేసింది. "ఏం చేసినాను? మురికి గుడ్డ ఉతికినాను. నా బిడ్డకు నీ వాసన లేకుంటే నిద్దర రాకూడదా? నేను పొయ్యేది ఎవరి కోసం? రెండు నెలల్లో నన్ను పూర్తిగా మరిపించేసినావు కదత్తా!"

పాప ఏడుస్తూనే ఉంది. నిర్మలమ్మ కుట్టుడబ్బాలోంచి కత్తెర తీసింది.

"సెప్తే ఆడ కూసోని ఏడుస్తావని సెప్పలేదు తల్లీ," అంటూ బొంత అంచు కుట్లు ఒక్కొక్కటే కత్తిరించింది.

చిలకపచ్చ మడతల మధ్యలోంచి, పాల మరకలన్నీ పోయి సబ్బు వాసన గుప్పుమంటూ, హేమశ్రీ పసుపు పూల నైటీ బయటికొచ్చింది.