మొక్కకు కట్టే కార్డు

"కార్డుల నాలుగే పంక్తులు పడతయి పంతులమ్మా!" అన్నాడు మెట్‌పల్లి ప్రెస్సులో అక్షరాలు పేర్చే అంబదాస్.

రేపే వనమహోత్సవం. పంతులమ్మ సక్కుబాయి మొక్కల కార్డుల కోసం నిరుటి తన పద్యమే మళ్లీ చదివింది: "చెట్టే తల్లి, చెట్టే దేవత..."

ప్రెస్సు ఊడుస్తున్న సత్తవ్వ చీపురు ఆపింది.

"గా పద్యం నీదేనా? నిరుడు సచ్చిన నా బిడ్డ పేర మొక్క నాటిన. కార్డు చదివిపిచ్చుకొని రోజు దండం పెట్టిన. మేక తిన్నది."

"కంప కట్టలేదా అవ్వా?"

"దేవతంటివి గదా. దేవతను మేక ముడ్తదా అనుకున్న."

సక్కుబాయి కాగితం తీసుకుని పాత పంక్తులన్నీ కొట్టేసింది. కొత్తగా రాసి వినిపించింది:

"ముండ్లకంప నాకు కట్టు,
ముంతెడన్ని నీళ్లు పొయ్యి,
మేక నోట పడకపోతె
నీకు నేను నీడనిస్త."

అంబదాస్ అక్షరాలు ఏరసాగాడు.

"నిరుడే గిట్ల రాయకపోతివి బిడ్డా!" అంటూ సత్తవ్వ చీపురందుకుంది.